అప్‌డేట్ తర్వాత ఫోన్ రీస్టార్ట్ అవుతోందా, స్క్రీన్ మిణుకుమంటోందా? సర్వీస్ సెంటర్‌కి మెయిల్ ఇలా రాయండి

అప్‌డేట్ వేశాక ఫోన్ దానంతటదే ఆగి మళ్ళీ ఆన్ అవుతోంది, స్క్రీన్ మిణుకుమంటోంది, సర్వీస్ సెంటర్‌కి ఏమని రాయాలి అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఎక్కువమంది రాసే మెయిల్ ఇది: "మీ అప్‌డేట్ వల్ల నా ఫోన్ పాడైంది, వెంటనే బాగుచేయండి." దానికి వచ్చే జవాబు కూడా తెలిసిందే. ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, తగ్గకపోతే దగ్గర్లోని సెంటర్‌కి వెళ్ళండి అంటారు. వెళ్తే టెక్నీషియన్ పది నిమిషాలు చూస్తాడు. ఆ పది నిమిషాలూ ఫోన్ బుద్ధిగా ఉంటుంది. జాబ్ షీట్ మీద "లోపం కనిపించలేదు" అని రాసి ఫోన్ చేతిలో పెడతాడు.

ఎప్పుడో ఒకసారి వచ్చే లోపంతో చిక్కే ఇది. కాబట్టి మెయిల్‌లో కోపం కంటే ముందు ఉండాల్సింది ఒకటుంది: ఏం చేస్తే ఆ లోపం టెక్నీషియన్ టేబుల్ మీద కూడా కనబడుతుందో ఆ వివరం. కింద చెప్పేదంతా దాన్ని రాబట్టడానికే. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లకు రాసింది. మెనూ పేర్లు కంపెనీని బట్టి కాస్త అటూఇటూగా ఉంటాయి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- కొన్న బిల్లు, ఫోటో అయినా సరే. ఆన్‌లైన్‌లో కొంటే ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్ చాలదు, ఇన్‌వాయిస్ పీడీఎఫ్ దించుకోండి.
- ఐఎంఈఐ నంబర్. డయలర్‌లో `*#06#` కొడితే వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్లో రెండు నంబర్లుంటాయి, రెండూ రాసుకోండి. బిల్లు మీద ఉన్నదానితో ఒకటైనా కలవాలి. కలవకపోతే ముందు షాపువాణ్ణి అడగాలి, సర్వీస్ సెంటర్‌ని కాదు.
- వీడియో తీయడానికి ఇంట్లో ఇంకొకరి ఫోన్. వీలైతే పక్కన పెట్టి పోల్చడానికి మూడో ఫోన్ కూడా.
- ఒక కాగితం, పెన్ను. నోట్స్ ఆప్‌లో రాసుకుంటే రాస్తుండగానే ఫోన్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

1. ఫోన్ ఏ వెర్షన్ మీద ఉందో రాసుకోండి

Settings లో About phone తెరవండి. అక్కడ నాలుగు సంగతులు కావాలి: మోడల్ నంబర్, ఆండ్రాయిడ్ వెర్షన్, Android security update తేదీ, Build number. మోడల్ పేరు ఒక్కటీ రాస్తే సరిపోదు. ఒకే పేరుతో రెండు మూడు మోడల్ నంబర్లు అమ్ముడవుతుంటాయి, వాటి సాఫ్ట్‌వేర్ వేరే. ఈ నాలుగిట్లో ముఖ్యమైనది Build number. అప్‌డేట్‌లో తప్పుందో లేదో కంపెనీవాళ్ళు వెతికేది దాన్నిబట్టే. చూసి టైపు చేస్తే ఒక అక్షరం తప్పు పడుతుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

అప్‌డేట్ ఏ రోజు, ఏ వేళకి పడిందో కూడా కావాలి. చాలా ఫోన్లలో Software update పేజీలో చివరి అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. కనిపించకపోతే గుర్తున్నంత వరకు రాసి, పక్కన "సుమారుగా" అని చేర్చండి. తెలియని తేదీని కచ్చితంగా చెబితే, తర్వాత వాళ్ళ రికార్డుతో కలవనప్పుడు మిగతా మాటల మీద కూడా అనుమానం వస్తుంది.

ఒక హెచ్చరిక. పెద్ద అప్‌డేట్ పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు ఫోన్ వెనకాల ఆప్‌లన్నిటినీ సర్దుకుంటూ ఉంటుంది. కాస్త వేడెక్కడం, నెమ్మదించడం, బ్యాటరీ త్వరగా దిగడం అప్పుడు మామూలే. రీస్టార్ట్ మాత్రం మామూలు కాదు. అయినా ఆ రెండు రోజులు దాటాక కూడా వస్తోందని రాయగలిగితే మెయిల్‌కి బలం ఎక్కువ.

2. అది ఏ రకం రీస్టార్టో తేల్చుకోండి

"రీస్టార్ట్" అని జనం చెప్పేదాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి.

మొదటిది పూర్తి రీస్టార్ట్. స్క్రీన్ నల్లబడి, కంపెనీ లోగో మొదటినుంచీ వచ్చి ఫోన్ లేస్తుంది. రెండోది సగం రీస్టార్ట్. మొదటి లోగో రాదు, ఆ తర్వాత వచ్చే యానిమేషన్ మాత్రం తిరిగి లాక్ స్క్రీన్ వస్తుంది. కంటితో తేల్చలేకపోతే About phone లో Status దగ్గర Up time అని ఉంటుంది, అది చూడండి. పూర్తి రీస్టార్ట్ అయితే లెక్క సున్నా నుంచి మొదలై ఉంటుంది. సగం రీస్టార్ట్ అయితే లెక్క ఆగకుండా కొనసాగుతూ ఉంటుంది, ఎందుకంటే లోపలి కెర్నెల్ ఆగలేదు, పైనున్న ఆండ్రాయిడ్ భాగమే కూలి లేచింది.

టెక్నీషియన్‌కి ఈ ఒక్క తేడా చాలా చెబుతుంది. సగం రీస్టార్ట్ దాదాపుగా సాఫ్ట్‌వేర్ వైపే. పూర్తి రీస్టార్ట్ మాత్రం సాఫ్ట్‌వేర్ కావచ్చు, బ్యాటరీ కావచ్చు, బోర్డు కావచ్చు.

ఇక్కడే ఇంకోటి చూసుకోండి. కొన్ని ఫోన్లలో ఫలానా వేళకి తనే రీస్టార్ట్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది. అప్‌డేట్ తర్వాత అది ఆన్ అయి ఉండొచ్చు. రోజూ తెల్లవారుజామున ఒకే వేళకి అవుతుంటే Settings సెర్చ్‌లో restart అని కొట్టి చూడండి. ఇలాంటిదాని మీద కంప్లెయింట్ పెడితే తర్వాతి మెయిల్‌ని కూడా ఎవరూ పట్టించుకోరు.

3. మూడు రోజులు పట్టీ రాయండి

మెయిల్‌లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఈ పట్టీయే. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఆరు సంగతులు: తేదీ, సమయం, ఆ క్షణంలో ఏం చేస్తున్నారు, బ్యాటరీ శాతం, ఛార్జింగ్‌లో ఉందా లేదా, నెట్ మొబైల్ డేటానా వైఫైనా. ఫోన్ వేడిగా ఉంటే అదీ రాయండి. "వేడిగా" అంటే చేతిలో పట్టుకోలేనంతా, గోరువెచ్చగానా అన్నది చెప్పండి.

మాటవరసకి ఒక పట్టీ:

- 8వ తేదీ, ఉదయం 9:40. బస్సులో వీడియో కాల్. బ్యాటరీ 71. ఛార్జింగ్ లేదు. 5జీ. గోరువెచ్చగా.
- 8వ తేదీ, సాయంత్రం 6:15. బస్సులో పాటలు, మ్యాప్స్. బ్యాటరీ 38. ఛార్జింగ్ లేదు. 5జీ. వేడి లేదు.
- 9వ తేదీ. ఇంట్లోనే, వైఫై మీద. రోజంతా ఒక్కసారి కూడా అవలేదు.
- 10వ తేదీ, ఉదయం 9:55. బస్సులో రీల్స్. బ్యాటరీ 80. ఛార్జింగ్ లేదు. 5జీ. వేడి లేదు.

దీన్ని ఒక్కసారి చదివితే సంగతి తెలిసిపోతుంది. బ్యాటరీ 80 దగ్గరా అయింది, 38 దగ్గరా అయింది. అంటే చార్జ్ దిగడం వల్ల కాదు. వేడి కూడా కారణం కాదు. ప్రయాణంలో, మొబైల్ నెట్‌వర్క్ మీద ఉన్నప్పుడే అవుతోంది. అంటే టవర్ మారేటప్పుడు, ఫోన్‌ని టవర్‌తో కలిపే మోడెమ్ సాఫ్ట్‌వేర్ కూలుతోందేమో చూడాలి. సర్వీస్ సెంటర్‌లో వైఫై మీద టేబుల్ పైన పెట్టి చూస్తే ఇది ఎన్నాళ్ళకీ బయటపడదు. మరుసటి రోజు Preferred network type ని 4జీకి మార్చి అదే బస్సులో వెళ్ళి చూడండి. ఆగితే ఆ ఒక్క వాక్యం మెయిల్ మొత్తానికీ ప్రాణం.

పట్టీ వేరే కథ కూడా చెప్పొచ్చు. రీస్టార్ట్‌లన్నీ బ్యాటరీ 30 లోపు ఉన్నప్పుడు, కెమెరా తెరిచినప్పుడో గేమ్ ఆడేటప్పుడో అవుతూ, ఛార్జర్ పెట్టి ఉంటే ఒక్కసారీ అవడం లేదనుకోండి, అనుమానం బ్యాటరీ మీద. పాతబడ్డ బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజ్ పడిపోయి ఫోన్ ఆగిపోతుంది. అప్‌డేట్ వల్ల ఫోన్ మీద పని పెరిగి అది బయటపడి ఉండొచ్చు. రెండు మూడేళ్ళు వాడిన ఫోన్ అయితే అప్‌డేట్‌దే తప్పని గట్టిగా రాసేముందు ఈ సంగతి చూసుకోండి.

4. ఫ్లికర్ ఏ పరిస్థితిలో వస్తోందో పట్టుకోండి

ఫ్లికర్‌ని, అంటే స్క్రీన్ మిణుకుమనడాన్ని, రీస్టార్ట్‌తో కలిపి చెప్పకండి. రెండూ ఒకే రోజు మొదలైనంత మాత్రాన కారణం ఒకటే అవ్వాలని లేదు. ముందు ఒక ప్రశ్నకి జవాబు చూసుకోండి: రీస్టార్ట్ అయ్యే ముందు క్షణంలో స్క్రీన్ మిణుకుతోందా, లేక ఈ రెంటికీ సంబంధం లేకుండా వేర్వేరు వేళల్లో అవుతున్నాయా?

తర్వాత ఫ్లికర్ వస్తున్నప్పుడు ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూడండి. ఒకేసారి రెండు మార్చకండి, మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు.

మొదట రిఫ్రెష్ రేట్, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మని మారుస్తుందో ఆ అంకె. Display సెట్టింగ్స్‌లో 120 లేదా ఆటోమేటిక్ ఉంటే 60కి దించి అరగంట వాడండి. తర్వాత దాన్ని మళ్ళీ పాత చోటికి తెచ్చి బ్రైట్‌నెస్ చూడండి: Adaptive brightness ఆపి, పూర్తిగా పెంచి, తర్వాత పావు వంతుకి దించి. చివరగా రంగు. ఫ్లికర్ ముదురు బూడిద రంగు తెర మీద ఎక్కువగా, తెల్ల తెర మీద తక్కువగా కనబడితే అదీ రాయాలి. డార్క్ మోడ్ ఆన్, ఆఫ్ చేస్తే తేలుతుంది.

ఇప్పుడు స్క్రీన్ రికార్డింగ్ పరీక్ష. ఫ్లికర్ వస్తుండగా ఫోన్లోనే స్క్రీన్ రికార్డ్ చేసి, ఆ వీడియోని వేరే ఫోన్లోకి పంపి చూడండి. అక్కడ కూడా మిణుకు కనిపిస్తే లోపం దాదాపుగా సాఫ్ట్‌వేర్ గీస్తున్న బొమ్మలోనే ఉంది, డిస్‌ప్లే అమాయకురాలు. కనిపించకపోతే మాత్రం "అయితే హార్డ్‌వేరే" అని ఒప్పేసుకోకండి. కౌంటర్ దగ్గర డిస్‌ప్లే మార్చాలి, ఇంత అవుతుంది అనే మాట వచ్చేది ఇక్కడే. రికార్డింగ్‌లో పడేది బొమ్మ మాత్రమే. ఆ బొమ్మని తెర ఎంత వేగంతో, ఎంత వెలుతురుతో చూపాలో చెప్పే భాగం కూడా సాఫ్ట్‌వేరే, అది రికార్డింగ్‌లో పడదు. 60లో పెడితే ఆగి, 120లో పెడితే వచ్చే ఫ్లికర్ అలాంటిదే అయ్యే అవకాశం ఉంది. కొన్నిసార్లు రికార్డింగ్ నొక్కగానే ఫ్లికర్ మాయమవుతుంది కూడా. అదీ ఒక ఆధారమే, రాసేయండి.

పక్కా హార్డ్‌వేర్ అనుమానానికి గుర్తులు వేరు. ఫోన్ ఆన్ అవుతూ కంపెనీ లోగో వచ్చేటప్పుడే మిణుకడం, ఫోన్ అంచు దగ్గర వేలితో మెల్లగా ఒత్తితే మారడం, ఎప్పుడూ ఒకే చోట ఆకుపచ్చ గీత ఉండిపోవడం. ఇవి ఉంటే దాచకండి. ఫోన్ ఎప్పుడైనా కింద పడిందా, తడిసిందా, బయట షాపులో విప్పించారా అన్నది కూడా ఉన్నదున్నట్టే రాయండి. లోపల తడి తగిలితే రంగు మారే స్టిక్కర్ ఉంటుంది, విప్పగానే తెలిసిపోతుంది. మీరు రాయని సంగతి వాళ్ళు కనిపెడితే మెయిల్‌లోని మిగతా నిజాలకి కూడా విలువ పోతుంది.

5. వీడియో సరిగ్గా తీయండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ. ఓఎల్ఈడీ తెరని ఇంకో ఫోన్ కెమెరాతో తీస్తే నల్ల చారలు కదులుతూ కనిపిస్తాయి. అది లోపం కాదు. అలాంటి తెరలు చాలావరకు వెలుతురుని చాలా వేగంగా ఆర్పి వెలిగించి తగ్గిస్తాయి, కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. స్లోమోషన్‌లో తీస్తే బాగున్న ఫోన్ తెర కూడా మిణుకుతున్నట్టు కనిపించవచ్చు. టెక్నీషియన్‌కి ఇది తెలుసు, అలాంటి వీడియో చూడగానే పక్కన పెట్టేస్తాడు.

ఇలా తీయండి. స్లోమోషన్ వద్దు. కెమెరాలో ప్రో మోడ్ వీడియో ఉంటే షట్టర్ 1/50 పెట్టండి, ఆ చారలు చాలావరకు తగ్గుతాయి. మీ ఫోన్ పక్కనే బాగున్న ఇంకో ఫోన్ పెట్టండి. రెంటిలోనూ ఒకే బొమ్మ, దాదాపు ఒకే బ్రైట్‌నెస్. రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా 15 సెకన్లు తీయండి. ఒకటి మిణుకుతూ పక్కది నిలకడగా ఉంటే ఇక కెమెరా మాయ అనడానికి వీల్లేదు. మూడో ఫోన్ దొరక్కపోతే వీడియో నడుస్తుండగానే మీ ఫోన్‌ని 120 నుంచి 60కి మార్చి, తేడా కనబడేలా తీయండి.

జీమెయిల్‌లో 25 ఎంబీ దాకానే అటాచ్ అవుతుంది. అంతకు మించితే డ్రైవ్ లింక్‌గా మారుతుంది, ఆఫీసు కంప్యూటర్లలో బయటి లింకులు తెరుచుకోకపోవచ్చు. చిన్న వీడియోని అటాచ్ చేసి, పెద్దవి అడిగితే పంపిస్తాను అనండి. లింకే పంపాల్సి వస్తే పర్మిషన్ Anyone with the link అని పెట్టి, లాగిన్ కాని బ్రౌజర్‌లో తెరిచి చూసుకోండి.

6. సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి

"ఏదో ఆప్ వల్ల అయ్యుంటుంది" అనే జవాబుకి ముందే అడ్డుకట్ట ఇది. పవర్ మెనూ తెచ్చి Power off లేదా Restart మీద కాసేపు నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. స్క్రీన్ కింది మూల Safe mode అని కనబడితే అందులో ఉన్నట్టు. మీరు వేసుకున్న ఆప్‌లేవీ పనిచేయవు, యూపీఐ, వాట్సాప్‌తో సహా. డబ్బులు చేతిలో పెట్టుకుని, పని తక్కువున్న రోజు చూసుకోండి. తిరిగి మామూలుగా రీస్టార్ట్ చేశాక హోమ్ స్క్రీన్ విడ్జెట్లు కొన్ని మళ్ళీ పెట్టుకోవాల్సి రావచ్చు.

ఎంతసేపు ఉంచాలన్నది మీ పట్టీయే చెబుతుంది. రోజుకి రెండుసార్లు రీస్టార్ట్ అయ్యే ఫోన్‌ని గంటసేపు సేఫ్ మోడ్‌లో పెట్టి "ఆగిపోయింది" అంటే లెక్కకి రాదు. మామూలుగా రెండు రీస్టార్ట్‌ల మధ్య ఎంత ఎడం ఉంటుందో దానికి కనీసం రెట్టింపు ఉంచండి, అదీ లోపం వచ్చే పరిస్థితిలోనే. పైన పట్టీలోని ఫోన్ అయితే సేఫ్ మోడ్‌లో పెట్టి బస్సెక్కాలి, ఇంట్లో ఉంచుకోవడం దండగ.

సేఫ్ మోడ్‌లో కూడా వస్తే ఆప్‌ల మాట అక్కడితో సరి. రాకపోతే మెయిల్ కాస్త ఆపండి. అప్‌డేట్ పడ్డ రోజుల్లోనే కొత్తగా వేసినవీ, అప్‌డేట్ అయినవీ ఒక్కొక్కటే తీసేసి చూడండి. హోమ్ స్క్రీన్ రూపం మార్చే లాంచర్లు, బ్యాటరీ సేవర్లు, స్క్రీన్‌కి పసుపు రంగు వేసే ఆప్‌లతో మొదలుపెట్టండి.

ఫ్యాక్టరీ రీసెట్ ఎలాగూ చేయమంటారు కదా, ముందే చేసేద్దామా అని అడుగుతారు. చేయొచ్చు, కానీ ఇది చివరి మెట్టు. వాట్సాప్ బ్యాకప్, ఫోటోలు, ఆథెంటికేటర్ కోడ్లు భద్రం చేసుకున్నాకే. గూగుల్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి, రీసెట్ తర్వాత ఫోన్ అదే అడుగుతుంది. రీసెట్ అవగానే బ్యాకప్ మొత్తం దించేసుకుంటే పరీక్ష చెడిపోతుంది, ఎందుకంటే పాత ఆప్‌లన్నీ మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. కొత్తవేవీ వేయకుండా ఒక రోజు వాడి చూసి, అప్పటికీ రీస్టార్ట్ అయితే ఆ తేదీ, సమయం రాసుకోండి. దాన్ని కాదనడం ఏ సెంటర్‌కైనా కష్టం.

7. మెయిల్ రాయండి

చిరునామా వారంటీ కార్డు మీద గానీ, కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో గానీ, ఫోన్లో ముందే ఉన్న సపోర్ట్ ఆప్‌లో గానీ తీసుకోండి. సెర్చ్‌లో కనిపించే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగవి ఉంటాయి. ఎవరైనా ఓటీపీ అడిగినా, స్క్రీన్ షేర్ చేసే ఆప్ వేసుకోమన్నా అక్కడితో ఆపేయండి.

ఊళ్ళో ఉన్న సెంటర్‌కి తెలుగులో రాస్తే ఇబ్బంది లేదు. దేశం మొత్తానికీ ఒకే హెల్ప్‌డెస్క్ ఉన్న కంపెనీకి ఇదే వరుసలో ఇంగ్లిష్‌లో రాయండి. ఏ భాషలో రాసినా మెనూ పేర్లు, బిల్డ్ నంబర్ తెర మీద ఉన్నట్టే ఉంచండి.

నమూనా ఇది. పట్టీ పైనదే.

> సబ్జెక్ట్: 6 జనవరి అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్‌లు, స్క్రీన్ ఫ్లికర్ – (మోడల్ నంబర్) – ఐఎంఈఐ చివరి 4 అంకెలు – వారంటీలో ఉంది
>
> సర్వీస్ మేనేజర్ గారికి,
>
> 18 అక్టోబర్ 2025న కొన్న నా ఫోన్లో 6 జనవరి 2026 రాత్రి సిస్టమ్ అప్‌డేట్ పడింది. 8వ తేదీ నుంచి రెండు లోపాలు వస్తున్నాయి. అంతకుముందు ఈ రెండూ లేవు.
>
> మోడల్ నంబర్: …
> ఐఎంఈఐ: … / …
> ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ: …
> బిల్డ్ నంబర్: … (స్క్రీన్‌షాట్ జత చేశాను)
> కింద పడటం, తడవటం, బయట రిపేరు: ఏదీ లేదు. స్క్రీన్ గార్డ్ ఉంది.
>
> లోపం 1, రీస్టార్ట్: లోగో నుంచి పూర్తి రీస్టార్ట్ అవుతోంది, Up time సున్నాకి వస్తోంది. 8 నుంచి 10వ తేదీ వరకు 3 సార్లు. మూడూ ప్రయాణంలో 5జీ మీద ఉన్నప్పుడే. బ్యాటరీ 71, 38, 80 శాతం. మొదటిసారి గోరువెచ్చగా ఉంది, మిగతా రెండుసార్లు వేడి లేదు. వైఫై మీద ఒక్కసారీ అవలేదు. 11న నెట్‌వర్క్‌ని 4జీకి మార్చి అదే దారిలో వెళ్తే అవలేదు. 12న సేఫ్ మోడ్‌లో, 5జీ మీద ఉదయం 9:50కి మళ్ళీ అయింది.
>
> లోపం 2, ఫ్లికర్: రిఫ్రెష్ రేట్ 120లో, బ్రైట్‌నెస్ పావు వంతు కంటే తక్కువున్నప్పుడు, ముదురు తెర మీద పూర్తి స్క్రీన్ మిణుకుతోంది. 60లో పెడితే రావడం లేదు. స్క్రీన్ రికార్డింగ్‌లో కనిపించదు. పక్కన ఇంకో ఫోన్ పెట్టి తీసిన 15 సెకన్ల వీడియో జత చేశాను. రీస్టార్ట్‌కి ముందు ఫ్లికర్ రావడం లేదు.
>
> మీ దగ్గర చూడాలంటే: ఫ్లికర్‌కి Display లో 120, బ్రైట్‌నెస్ పావు వంతు కంటే తక్కువ, డార్క్ మోడ్‌లో Settings తెరవండి. రీస్టార్ట్‌కి సిమ్ వేసి 5జీ మీద, వైఫై ఆపి, టవర్లు మారేలా తిప్పి చూడాలి. టేబుల్ మీద వైఫైతో చూస్తే రాదు.
>
> నేను కోరేది: 1. ఈ బిల్డ్‌లో ఈ లోపాలు మీ రికార్డులో ఉన్నాయా చెప్పండి. 2. ఉంటే సవరణ అప్‌డేట్ ఎప్పుడొస్తుందో, లేకపోతే సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేసి చూస్తారో లేదో రాతపూర్వకంగా తెలపండి. 3. విడిభాగం మార్చాలంటే కారణం, వారంటీలో వస్తుందో లేదో ముందుగా చెప్పండి.
>
> ఫ్యాక్టరీ రీసెట్ ఇంకా చేయలేదు. అవసరమని మీరు రాస్తే బ్యాకప్ తీసుకుని చేస్తాను.
>
> జతచేసినవి: బిల్లు, About phone స్క్రీన్‌షాట్, వీడియో.
>
> పేరు, ఫోన్ నంబర్, ఊరు, కాల్ చేయడానికి వీలైన వేళ

ఇందులో "మీ దగ్గర చూడాలంటే" అన్న పేరా తీసేసి చదవండి, మిగిలేది మామూలు ఫిర్యాదే. నిడివి తగ్గించాల్సి వస్తే ఏదైనా తగ్గించండి, ఆ పేరా ముట్టుకోకండి. "నేను కోరేది" కూడా మూడు ముక్కలకి మించనివ్వకండి. డబ్బు వాపసు, కొత్త ఫోన్, నష్టపరిహారం మొదటి మెయిల్‌లోనే అడిగితే అది టెక్నీషియన్ దాకా పోకుండా వేరే బల్ల మీదికి పోతుంది.

ఫోన్ పిన్, ప్యాటర్న్, గూగుల్ పాస్‌వర్డ్ మెయిల్‌లో రాయకండి. ఫోన్ లోపలి లాగ్‌లుండే బగ్ రిపోర్ట్ కూడా ముందే జత చేయొద్దు. Developer options లో Bug report నొక్కితే వచ్చే ఆ ఫైల్‌లో మీ వ్యక్తిగత వివరాలు కూడా ఉండొచ్చు. వాళ్ళు అడిగితే, రీస్టార్ట్ అయిన వెంటనే తీసి పంపండి. ఆలస్యమైతే పాత లాగ్ మీద కొత్తది పడిపోతుంది. పని అవగానే Developer options ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు ఆప్‌లు తెరుచుకోవు.

8. పంపే ముందు ఒకసారి

మెయిల్‌ని ఫోన్ గురించి ఏమీ తెలియని ఇంట్లోవాళ్ళ చేతికివ్వండి. ఫోన్ కూడా ఇచ్చి, ఇందులో రాసినట్టు చేసి ఫ్లికర్ తెప్పించమనండి. వాళ్ళకి వస్తే టెక్నీషియన్‌కీ వస్తుంది. మధ్యలో "ఇదెక్కడుంది" అని అడిగితే ఆ వాక్యం తిరగరాయండి.

"ఎప్పుడూ", "చాలాసార్లు", "అప్పుడప్పుడు" అన్న మాటలు వెతికి వాటి చోట అంకె పెట్టండి. సబ్జెక్ట్‌లో "అర్జెంట్" ఉంటే తీసేసి మోడల్ నంబర్ పెట్టండి. అటాచ్‌మెంట్లు నిజంగా పడ్డాయో లేదో చూడండి, "జత చేశాను" అని రాసి జత చేయకుండా పంపడం మామూలుగా జరిగేదే.

9. జవాబు వచ్చాక

మొదట వచ్చేది టికెట్ నంబర్ ఉన్న ఆటోమేటిక్ మెయిల్. ఇకపై ఏం రాసినా దానికే రిప్లై కొట్టండి. కొత్త మెయిల్ మొదలుపెడితే కొత్త టికెట్ పడి కథ మొదటికొస్తుంది. మూడు పనిదినాలు చూసి, జవాబు లేకపోతే అదే మెయిల్ కింద ఒక్క వాక్యం చాలు. కొత్త రీస్టార్ట్‌లు అయితే తేదీ, సమయం చేర్చండి.

సెంటర్‌కి రమ్మంటే మెయిల్ ప్రింట్ పట్టుకెళ్ళండి. ఫోన్ ఇచ్చేముందు అన్ని వైపులా ఫోటోలు తీయండి. జాబ్ షీట్‌లో లోపం గళ్ళో "హ్యాంగ్ ప్రాబ్లం" అని రాయబోతారు. అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్, 120లో ఫ్లికర్, మెయిల్ టికెట్ నంబర్ ఫలానా అని రాయించండి. అలా రాశాకే సంతకం. లోపం కనిపించలేదంటే, ఏ పరిస్థితిలో ఎంతసేపు చూశారో కూడా రాయమనండి. ఫోన్ తిరిగి తీసుకునేటప్పుడు Build number మళ్ళీ చూడండి. అదే నంబర్ ఉంటే సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేశారో లేదో అడిగి తెలుసుకోండి. తర్వాత మూడు రోజులు, అదే దారిలో, అదే పట్టీ.

పాత వెర్షన్‌కి వెనక్కి తీసుకెళ్ళమని కొందరు అడుగుతారు. చాలా ఫోన్లలో భద్రత కోసం దాన్ని కంపెనీయే మూసేసి ఉంచుతుంది. బయట షాపులో, ఫోన్ సాఫ్ట్‌వేర్‌కి తాళంలా ఉండే బూట్‌లోడర్ తెరిపించి పాతది వేయిస్తే డేటా మొత్తం పోతుంది, వారంటీ గొడవలో మీ చేతిలో ఉన్న ఆధారం కూడా పోతుంది.

రెండు మూడు మెయిళ్ళయినా కదలిక లేకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇది కోర్టు కాదు, మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబట్టే చోటు. అక్కడ అడిగేవి బిల్లు, టికెట్ నంబర్, మీరు పంపిన మెయిల్, వాళ్ళ జవాబు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి, కాబట్టి పట్టీ కాగితం, జాబ్ షీట్లు పారేయకండి.